నంబరు కోసం వాట్సాప్ చేసేవారికి ఆరు వరుసలు

(పర్లాకిమిడి చుట్టుపక్కల క్లినిక్‌ల కౌంటరు సిబ్బంది కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసివేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవారు కాస్త ముందుకు జరగండి. నా చేతిలో ఉన్న కాగితం మీకు అక్కడి నుంచి చదవడానికి వస్తోందా? రావడం లేదు కదా. సరే, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఈ రోజు నేను మాట్లాడేది ఈ ఒక్క కాగితం గురించే. క్లినిక్ వాట్సాప్‌కు టోకెన్ నంబరు కోసం మెసేజ్ పెట్టేవారు ఏమేమి రాయాలో చెప్పే పోస్టరు. ఇంతే. దీనికి ఇంత సేపు ఎందుకు అంటారా? మీ ఫోన్లు తీసి నిన్న వచ్చిన మెసేజ్‌లు ఒక్కసారి చూసుకోండి. ఎన్నింటిని చదివి తిన్నగా రిజిస్టరులో ఎక్కించగలిగారు? తిరిగి ఏమీ అడగకుండా?

ఒక మెసేజ్ చదువుతాను. ఇలాంటిది మీ అందరికీ వచ్చే ఉంటుంది. రాత్రి పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. "నమస్తే మేడమ్. రేపు అమ్మకు డాక్టరు గారి నంబరు కావాలి." మర్యాదగా ఉంది, స్పష్టంగా ఉన్నట్టే ఉంది. ఉదయం ఎనిమిదికి కౌంటరులో కూర్చున్న అమ్మాయి దీన్ని తెరుస్తుంది. రేపు అంటే ఏ రోజు? రాసినవాడి లెక్కలో ఈ రోజే. చదివే అమ్మాయి లెక్కలో రేపు. నంబరు అంటే టోకెన్ నంబరా, డాక్టరు గారి ఫోన్ నంబరా? అమ్మ పేరు? వయసు? ఏ ఊరు?

అమ్మాయి "పేరు చెప్పండి" అని పెడుతుంది. జవాబు "రమణ" అని వస్తుంది. అది కొడుకు పేరు! అతను ఎక్కడ ఉన్నాడు? సూరత్‌లో మగ్గాల దగ్గర. మన గంజాం, గజపతి వైపు ఎంతమంది అక్కడ ఉన్నారో మీకు వేరే చెప్పాలా? షిఫ్టులో ఉన్నవాడు ఫోన్ ఎప్పుడు చూస్తాడు? మధ్యాహ్నం తిండికి బయటికి వచ్చినప్పుడు. "రోగి పేరు అడిగాను బాబూ" అన్న మాట అప్పుడు కనబడుతుంది. పేరు పంపుతాడు. అమ్మాయి వయసు అడుగుతుంది. దానికి జవాబు రాత్రికి. ఈలోగా ఏం జరిగింది? ఇంటి దగ్గర ఆ తల్లి, కొడుకు నంబరు తీసుకున్నాడన్న నమ్మకంతో ఉదయం బస్సుకే వచ్చి మీ ముందు నిలబడింది. రిజిస్టరులో ఆమె పేరు లేదు. ఇక కౌంటరు దగ్గర మాటా మాటా.

ఇందులో తప్పు ఎవరిది అని నేను అడగను. నష్టం ఎక్కడ జరిగిందో చూడండి. అడగాల్సినవి ఎక్కువ కావడం వల్ల కాదు, ఒక్కొక్కటిగా అడగడం వల్ల. ఒక్కో ప్రశ్నకు పూట గడుస్తోంది. ఆ ప్రశ్నలన్నీ అతను మెసేజ్ రాయకముందే అతని కళ్ల ముందు ఉండాలి. పోస్టరు చేసే పని అదే.

అయితే పోస్టరు రాయమంటే మనవాళ్లు ఏం చేస్తారు? ఓపీ చీటీ మీద ఉన్న గళ్లన్నీ దించేస్తారు. పేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు, లింగం, వృత్తి, పూర్తి చిరునామా, పిన్ కోడ్, పాత చీటీ నంబరు, ఏ డాక్టరు, ఎవరు పంపారు. ఇంత పొడుగు జాబితా చూసి మెసేజ్ రాసేవాడు ఏం చేస్తాడు? మొదటి రెండు రాసి "మిగతాది వచ్చాక చెబుతా" అంటాడు. పొడుగు జాబితాతో మెసేజ్‌లు నిండవు. ఇంకా ఖాళీగా వస్తాయి.

కాబట్టి ప్రతి వరుసకూ ఒకటే పరీక్ష పెట్టండి. ఈ సమాచారం లేకపోతే నేను తిరిగి మెసేజ్ పెట్టక తప్పదా? తప్పదు అంటే పోస్టరులో ఉంచండి. మనిషి వచ్చాక కౌంటరు దగ్గర అడగవచ్చు అంటే తీసేయండి. పిన్ కోడ్ పోయింది. వృత్తి పోయింది. తండ్రి పేరు పోయింది. పాత చీటీ నంబరు గురించి చాలామంది వాదిస్తారు. అది ఉంటే ఫైలు వెంటనే దొరుకుతుంది, నిజమే. కానీ చీటీ ఇంట్లో తల్లి దగ్గర ఉంటే సూరత్‌లో ఉన్న కొడుకు ఎలా చెబుతాడు? అది రాయలేక మెసేజే ఆపేస్తాడు. పేరు, వయసు, ఊరు, ఫోను ఉంటే ఫైలు వెతకవచ్చు. వచ్చేటప్పుడు చీటీ తెమ్మని మన జవాబులో చెబుదాం. ఇలా వడకడితే ఆరు మిగిలాయి. ఇప్పుడు చదువుతాను, వినండి.

నంబరు కావాలంటే ఈ ఆరూ ఒకే మెసేజ్‌లో రాయండి:

1. రోగి పేరు: బి. అప్పలమ్మ
2. వయసు (ఏళ్లా, నెలలా): 61 ఏళ్లు
3. ఊరు: మెళియాపుట్టి
4. వెంట వచ్చేవారి ఫోను: (పది అంకెలు)
5. ఏ రోజు, ఏ పూట: 14, శుక్రవారం, సాయంత్రం
6. ఇబ్బంది, ఒక్క ముక్కలో: ఎడమ చెవి పోటు

మా నుంచి టోకెన్ నంబరు, సమయం వస్తేనే బుక్ అయినట్టు. నీలం టిక్కులు పడితే చాలదు.

ఇదీ పాఠం. దీని పైన ఒక హెచ్చరిక ఉంటుంది, దాని దగ్గరికి వస్తాను. ముందు ఈ ఆరింటిలో రెండు మూడింటి దగ్గర ఆగుదాం, మిగతావి మీకు తెలిసినవే.

వయసు. "వయసు: 2" అని వస్తుంది. పక్కన "జ్వరం" అని ఉంటుంది. రెండేళ్లా? రెండు నెలలా? ఇది చాదస్తం కాదమ్మా. రెండేళ్ల పిల్లాడు చురుగ్గా ఉండి పాలు, నీళ్లు తాగుతుంటే సాయంత్రం ఓపీకి రావచ్చు. మూడు నెలల లోపు బిడ్డకు ఒళ్లు కాలితే మాత్రం అది నంబరు కోసం కూర్చునే జ్వరం కాదు, వెంటనే డాక్టరు చూడాలి. ఆ వయసులో ఒంట్లో పెద్ద ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం తప్ప వేరే గుర్తు పెద్దగా కనిపించకపోవచ్చు. అందుకే "ఏళ్లా, నెలలా" అన్న మాట వరుసలోనే ఉండాలి. ఆ మాట తీసేస్తే పోస్టరు అందంగా ఉంటుందని ప్రింటింగు షాపులో అంటారు. అననివ్వండి.

ఫోను. "మేడమ్, మెసేజ్ వచ్చిన నంబరు ఉంది కదా, మళ్లీ ఎందుకు" అని మీరే నన్ను అడుగుతారు. ఆ నంబరు ఎవరిది? మెసేజ్ పెట్టినవాడిది. డాక్టరు గారికి ఆపరేషన్ పడి రెండు గంటలు ఆలస్యం అవుతుంది. మీరు ఎవరికి ఫోన్ చేస్తారు? సూరత్‌కా? పాతపట్నంలో బస్సు ఎక్కబోతున్న మనిషికి తెలియాలి కదా. అందుకే "ఫోన్ నంబరు" అని రాయకుండా "వెంట వచ్చేవారి ఫోను" అని రాశాను. ఒంటరిగా వచ్చేవారైతే తమది రాస్తారు, ఇబ్బంది లేదు.

రోజు. తేదీ ఒక్కటే అడిగితే ఒక అంకె తప్పుపడినా మనకు తెలియదు. వారం ఒక్కటే అడిగితే ఏ శుక్రవారమో తెలియదు. రెండూ అడగండి. "14, శుక్రవారం" అని వచ్చి, 14 శనివారం అయితే తేడా అక్కడే బయటపడుతుంది. అప్పుడు ఒక్క ప్రశ్న తిరిగి అడగడం దండగ కాదు. రెంటిలో ఒకటి మీరే ఊహించి ఎక్కించకండి. రేపు, ఎల్లుండి అన్న మాటలు పోస్టరులోకి రానేకూడదు. పోస్టరులో ఎలా ఉంటే వాళ్లు అలాగే రాస్తారు.

ఆరో వరుస గురించి ఒక జాగ్రత్త. ఒక్క ముక్కలో అని ఎందుకు అన్నాను? ఆ ఫోను కౌంటరు మీద పడి ఉంటుంది. కాంపౌండరు చూస్తాడు, మందుల షాపు కుర్రాడు చూస్తాడు. ఆడవాళ్లు తమ ఇబ్బంది అంతా అక్కడ రాయాలా? అవసరం లేదు. "లేడీ డాక్టరు కావాలి" అని రాసినా ఆరో వరుస నిండినట్టే. అది చూసి "ఏమి ఇబ్బంది?" అని తిరిగి అడగకండి. ఆధార్ కార్డు ఫొటో, రిపోర్టుల ఫొటోలు కూడా అడగకండి. పంపినా ఆ ఫోనులో ఉంచుకోకండి. కార్డు పని ఏదైనా ఉంటే మనిషి వచ్చాక చూసుకోవచ్చు.

ఇప్పుడు హెచ్చరిక. ఇది ఆరు వరుసలకు పైన ఉండాలి, ఎర్ర అక్షరాల్లో. "ఛాతీ నొప్పి, ఆయాసం, ఫిట్స్, పాము కాటు, గర్భిణికి రక్తస్రావం, మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం: మెసేజ్ పెట్టి ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. 108." ఈ 108 ఆంధ్రలోనూ ఉంది, ఒడిశాలోనూ ఉంది. సరిహద్దుకు ఎటువైపు వారైనా గుర్తుపెట్టుకోవలసినది ఒకటే నంబరు. పాము కరిచినవారు మీ టోకెన్ కోసం ఎదురు చూడకూడదు. నవ్వకండి, రాత్రిపూట వాట్సాప్ తెరిచి చూస్తే ఇలాంటివి ఉంటాయి. మెసేజ్ పెట్టాం కదా, ఎవరో ఒకరు చూస్తారు అనుకుంటారు. మీరు జవాబిచ్చే వేళలు కూడా ఆ హెచ్చరిక కిందే రాయండి: ఉదయం 8 నుంచి రాత్రి 7 వరకు, మీకు ఏది నిజమైతే అది.

టిక్కుల సంగతి కూడా చెప్పాలి. మీరు మెసేజ్ తెరవగానే అటువైపు నీలం టిక్కులు పడతాయి. మనకు అది చదివామన్న గుర్తు. వాళ్లకు అది ఒప్పుకున్నామన్న గుర్తు. "మీరు చూశారు కదా" అని బల్ల మీద ఫోను పెట్టి చూపిస్తారు. సెట్టింగుల్లో నీలం టిక్కులు ఆపేస్తే సరిపోతుందని కొందరు అన్నారు. ఆపినా రెండు బూడిద రంగు టిక్కులు పడతాయి, వాటినీ అలాగే చూపిస్తారు. కాబట్టి పోస్టరులో కింద ఆ వాక్యం ఉండి తీరాలి.

సరే, మీలో ఒకరు ఇందాక లోపలికి వస్తూ అడిగారు. ఖాళీ గళ్లు ఇవ్వకుండా అప్పలమ్మ పేరుతో నింపి ఎందుకు చూపిస్తున్నారు అని. మంచి ప్రశ్న. "వయసు" అని మాత్రమే రాస్తే ఒకరు 61 అంటారు, ఒకరు పుట్టిన సంవత్సరం రాస్తారు, ఒకరు "పెద్దావిడ" అంటారు. పక్కన "61 ఏళ్లు" అని ఉంటే అందరూ అలాగే రాస్తారు. మనుషులు సూచన చదవరు, నమూనా చూసి దించుతారు.

దానిలోనే ఒక చిక్కు ఉంది. కొందరు నమూనాను నమూనాగా కాక ఉన్నది ఉన్నట్టు పంపేస్తారు. అది నమూనా అని మీకు ఎలా తెలియాలి? అందుకే 61 పెట్టాను. మన పెద్దవాళ్లలో వయసు సరిగ్గా తెలియనివారు 60 అంటారు, 65 అంటారు, 70 అంటారు. 61 అరుదు. ఎడమ చెవి పోటు కూడా అంతే. మోకాళ్ల నొప్పి అని పెట్టి ఉంటే అసలుదేదో నమూనా ఏదో తేలేది కాదు. ఒకే రోజు మెళియాపుట్టి నుంచి ముగ్గురు అప్పలమ్మలు 61 ఏళ్లతో ఎడమ చెవి పోటు అని వస్తే ఏమిటో అర్థమవుతుంది. మీ పోస్టరులో ఊరు, పేరు మీరు మార్చుకోండి. కానీ ఇలా పసిగట్టడానికి వీలుగా ఉండేవి పెట్టుకోండి.

ఇక మన ఊళ్లకే ప్రత్యేకమైన సంగతి. మనకు తెలుగులో మెసేజ్ వస్తుంది, ఒడియాలో వస్తుంది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వస్తుంది, ఇంగ్లీషు అక్షరాల్లో ఒడియా వస్తుంది. కౌంటరులో కూర్చునే అమ్మాయి అన్నీ మాట్లాడుతుంది. అన్నీ చదవగలదా? ఇక్కడే వరుసల ముందున్న అంకెలు పనికొస్తాయి. పోస్టరు తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి వేయండి. ఒకే కాగితం మీద రెండు లిపులు ఇరికించకండి, రెండూ చిన్నవైపోతాయి. రెంటిలోనూ వరుస ఒకటే, అంకెలు ఒకటే: 1, 2, 3, అందరూ చదివే అంకెలు. అప్పుడు ఏ లిపిలో వచ్చినా 2 పక్కన ఉన్నది వయసు, 4 పక్కన ఉన్నది ఫోను, 5 పక్కన ఉన్నది తేదీ. ఆ అమ్మాయికి చదవడం రాని లిపిలో మిగిలేవి పేరు, ఊరు, ఏళ్లా నెలలా అన్నది, వారం, పూట, ఇబ్బంది. ఆ కొద్ది ముక్కలు పక్కవారిని అడిగి తెలుసుకోవచ్చు. ఆరింటిలో ఏవి వచ్చాయో వెంటనే కనబడుతుంది కాబట్టి, ఏ అంకె లేదో కూడా కనబడుతుంది. "4 పంపండి" అని ఒక్క మాట పెడితే చాలు, ఏ భాషవారికైనా అర్థమవుతుంది. ఒడియా పోస్టరులో ఎవరైనా వరుస మార్చితే ఈ లాభం అంతా పోతుంది. ప్రూఫు చూసేటప్పుడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ప్రూఫు అన్నాను కాబట్టి ఇంకొక మాట. మీరు ఫోనులో టైపు చేసిన తెలుగు ఫ్లెక్సు షాపు కంప్యూటర్‌లోకి వెళ్లేసరికి ఒత్తులు చెదిరిపోవచ్చు, ఎందుకంటే చాలా షాపులు పాత ఫాంట్లలో పని చేస్తాయి. వాళ్లు తిరిగి టైపు చేస్తారు, అక్కడ అక్షరాలు మారతాయి. ప్రింటు కొట్టే ముందు కాగితం మీద చూడండి. దాని మీద ఉన్న వాట్సాప్ నంబరు చూసి, మీ ఫోనులో సేవ్ చేసిన పేరుతో కాకుండా అంకె అంకె నొక్కి ఒకసారి మెసేజ్ పెట్టండి.

ఎక్కడ అంటించాలి? క్లినిక్ గోడ మీద అంటారు అందరూ. క్లినిక్ గోడ ముందు నిలబడ్డ మనిషి ఇప్పటికే వచ్చేశాడు కదా! అతనికి మెసేజ్ పెట్టే పని ఏముంది? గోడ మీద ఒకటి ఉంచండి, ఫొటో తీసుకుంటారు. కానీ అసలు చోటు మందుల చీటీ వెనక వైపు. ఆ చీటీ ఇంటికి వెళుతుంది, డబ్బాలోనో సంచిలోనో దాచుకుంటారు, మళ్లీ ఒంట్లో బాగాలేనప్పుడు అదే తీస్తారు. ఆ తర్వాత మందుల షాపు, బస్సు ఆగే చోటు. ఇందాక ఈ కాగితం మీకు కనబడలేదు కదా, ఇది చీటీ వెనక వేసే సైజు. చేతిలో పట్టుకుని చదివేది. గోడకు వేసేది వేరే, ఇదే పాఠం, పెద్ద అక్షరాలు. చదవడానికి దగ్గరికి రావలసి వస్తే అక్షరం చిన్నదైనట్టు.

ఇక ఫోను వైపు చేయవలసినది కొంచెం ఉంది. వాట్సాప్ బిజినెస్ వాడేవారు పోస్టరు మీద క్యూఆర్ కోడ్ వేయవచ్చు. దాని వెనక ఇలాంటి లింకు పెట్టించుకోండి.

```
https://wa.me/91XXXXXXXXXX?text=OP
```

91 ముందు ప్లస్ గుర్తు పెట్టకండి, సున్నా పెట్టకండి, మధ్యలో ఖాళీ వదలకండి. స్కాన్ చేస్తే మీ చాట్ తెరుచుకుని ఆ అక్షరాలు సిద్ధంగా ఉంటాయి, పంపడమే. ఆరు ప్రశ్నలూ ఆ లింకులోనే పెడితే పోదా అంటారు. పెట్టవచ్చు. కానీ చిన్న తెర మీద ఒక్కో వరుస చివరకు వేలు పెట్టి అక్కడ జవాబు రాయడం పెద్దవాళ్లకు కష్టం. ఖాళీగానే పంపు మీట నొక్కేస్తారు. మీకు ఆరు ప్రశ్నలే తిరిగి వస్తాయి! కాబట్టి లింకులో చిన్న మాట చాలు. ఆరు వరుసలు మీ వైపు నుంచి పలకరింపు మెసేజ్‌గా వెళ్లేలా పెట్టుకోండి.

అయితే ఆ పలకరింపు మెసేజ్ ప్రతిసారీ వెళ్లదు. మొదటిసారి రాసినవారికీ, 14 రోజులు ఏ మెసేజూ నడవని చాట్‌కూ మాత్రమే వెళుతుంది. పది రోజుల తర్వాత మళ్లీ చూపించుకోమని డాక్టరు గారు చెప్పిన మనిషి పదో రోజు రాస్తే అతనికి ఏమీ వెళ్లదు. ఫోను పాడైందని అనుకోకండి. అలాంటివారి కోసం క్విక్ రిప్లైలో ఆ ఆరు వరుసలు దాచుకుని, గీత గుర్తు `/` కొట్టి పంపండి. పలకరింపు ఉందిలే అని చీటీ వెనక అచ్చు ఆపేయకండి. నేను ముందు నుంచీ కాగితం కాగితం అంటున్నది ఇందుకే.

ఎవరో చేయి ఎత్తారు. చెప్పండమ్మా. ఆఁ, చదవడం రానివాళ్ల సంగతి. గునుపురం వైపు నుంచి, కొండ మీది ఊళ్ల నుంచి వచ్చేవారిలో చాలామంది వాయిస్ మెసేజ్‌లే పంపుతారు అంటున్నారు. నిజమే. వాయిస్ వద్దు అని పోస్టరులో రాయకండి, రాసినా వాళ్లు చదవలేరు. వాయిస్‌లో తేడా ఏమిటి? అమ్మకు ఎప్పటి నుంచి నొప్పి, ఎక్కడ చూపించారు, ఎవరు చెప్పారు అన్నీ చెబుతారు, పేరు చెప్పరు. అలాంటప్పుడు మీరూ వాయిస్‌లోనే జవాబివ్వండి. ఒకే వాయిస్ ముందే రికార్డు చేసి ఉంచుకోండి, ఇదే వరుసలో: "ఒకటి, రోగి పేరు. రెండు, వయసు, ఏళ్లా నెలలా. మూడు, ఊరు..." అలా ఆరు వరకు, ఒక్కోదానికి మధ్య కొంచెం ఆగుతూ. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. సవర మాట్లాడేవారు మీ సిబ్బందిలో ఉంటే వాళ్ల గొంతుతో మూడోది చేయించండి. వచ్చిన జవాబు విని రిజిస్టరులో రాశాక, రాసింది టోకెన్ నంబరుతో కలిపి వాయిస్‌గానే తిరిగి చెప్పండి. పేరు తప్పుగా విన్నా, ఊరు తప్పుగా విన్నా వాళ్లే సరిచేస్తారు.

ఇంకో ప్రశ్న... ఊరిలో ఫోను ఒకరి దగ్గరే ఉంటే? అంటే ఆశా కార్యకర్తో, కిరాణా షాపతనో నలుగురి తరఫున ఒకే మెసేజ్ పెడతారు. అవును, అది వస్తుంది. అప్పుడు ఒక్కో రోగికి ఒక్కో మెసేజ్ అని చెప్పండి. నలుగురి పేర్లు 1లో, నాలుగు వయసులు 2లో రాస్తే ఏ వయసు ఎవరిదో తేలదు. వాళ్లకు ఈ కాగితాలు కొన్ని ఇచ్చి ఉంచండి, పోస్టరు అందరికన్నా ఎక్కువ వాడేది వాళ్లే. తెచ్చినవి ఆ బల్ల మీద పెట్టాను, వెళ్లేటప్పుడు తీసుకోండి. వాట్సాప్ నంబరు చోటు ఖాళీగా ఉంది, మీ క్లినిక్‌ది వేయించుకోండి.